డబ్బు మనది, కోడు ఎవరిది?

పెళ్లికి ఫొటోగ్రాఫర్‌ను పెట్టుకుని డబ్బు కడితే, ఆ ఫొటోల మీద కాపీరైటు ఎవరిది? వేరే ఒప్పందం ఏదీ లేకపోతే తీయించుకున్నవాళ్లదే. 1957 నాటి కాపీరైటు చట్టంలోని 17వ సెక్షన్ ఆ మాట సూటిగా చెబుతుంది. డబ్బిచ్చి గీయించుకున్న చిత్తరువుకూ, తీయించుకున్న సినిమాకూ అదే సూత్రం. మరి పాతిక లక్షలు పోసి రాయించుకున్న సాఫ్ట్‌వేర్ సంగతేమిటి? దానికి ఈ సూత్రం వర్తించదు. సెక్షన్‌లోని ఆ జాబితాలో ఫొటో ఉంది, చిత్తరువు ఉంది, సినిమా ఉంది. కంప్యూటర్ ప్రోగ్రామ్ మాత్రం లేదు. మన చట్టం దృష్టిలో ప్రోగ్రామ్ ఒక సాహిత్య రచన. కథ మీద మొదటి హక్కు కథ రాసినవారిది ఎలాగో, కోడు మీద మొదటి హక్కు కోడు రాసినవారిది అలాగ.

ఉద్యోగుల విషయంలో చట్టం ఒక మినహాయింపు ఇచ్చింది. జీతం తీసుకునే ఉద్యోగి తన ఉద్యోగంలో భాగంగా రాసిన కోడు యజమానిదవుతుంది. అందువల్ల మాదాపూర్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఇంజినీర్లు రాసిన కోడు ఆ కంపెనీ సొత్తు. ఆ కంపెనీకి పని అప్పజెప్పి ఇన్‌వాయిస్‌లు కట్టిన కస్టమర్ ఆ ఇంజినీర్లకు యజమాని కాడు. అతనికి ఆ సాఫ్ట్‌వేర్‌ను వాడుకునే అనుమతి ఉందని కోర్టులు భావించవచ్చు. దాన్ని మార్చుకోవడానికీ, ఇంకొకరితో పని చేయించుకోవడానికీ, అమ్ముకోవడానికీ మాత్రం కాగితం కావాలి. సాఫ్ట్‌వేర్ డెవలప్‌మెంట్ ఒప్పందంలో మేధోహక్కుల క్లాజు అంత ముఖ్యం అయింది ఇందుకే.

సంగతి అర్థం కావడానికి ఒక ఉదాహరణ వేసుకుందాం. గుంటూరులో మూడు కోల్డ్ స్టోరేజీలు నడిపే మిర్చి వ్యాపారి ఒకాయన. ఏ రైతు ఎన్ని టిక్కీలు దించాడు, ఏ గదిలో ఏ వరసలో పెట్టారు, అద్దె ఎంతయింది, హమాలీ ఎంత, ఎవరి సరుకు బ్యాంకు తాకట్టులో ఉంది... ఇవన్నీ ఇన్నాళ్లూ లెడ్జర్లలో రాయిస్తున్నారు. ఇప్పుడు ఒక యాప్ చేయించాలనుకున్నారు. హైదరాబాద్‌లోని చిన్న కంపెనీ ఒకటి, పన్నెండు మంది పనిచేసేది, 24 లక్షలకు ఒప్పుకుంది. ఆరేసి లక్షల చొప్పున నాలుగు విడతలు. యాప్ అప్పజెప్పాక మెయింటెనెన్సుకు నెలకు 30 వేలు. కంపెనీవారు 26 పేజీల ఒప్పందం పంపారు. ఆయన వరసగా నాలుగు పేజీలు చదివి, ఫీజు, గడువులు సరిచూసుకుని, సంతకం చేయబోతూ ఆగి, తెలిసిన లాయరుకు పంపించారు.

లాయరు మొదట వెతికింది తొమ్మిదో క్లాజు. అందులో ఉన్నది తెలుగులో చెప్పుకుంటే ఇది: “ఈ ప్రాజెక్టు డెలివరబుల్స్‌పై గల మేధోహక్కులన్నిటినీ, ఫీజు మొత్తం చెల్లించిన మీదట, క్లయింటుకు బదిలీ చేయడానికి డెవలపర్ అంగీకరిస్తున్నారు.” చదివినవాళ్లకు ఇంకేం కావాలి అనిపిస్తుంది. లాయరు మాత్రం ఆ ఒక్క వాక్యం కింద నాలుగు చోట్ల గీతలు గీశారు.

మొదటి గీత “బదిలీ చేయడానికి అంగీకరిస్తున్నారు” అన్నచోట. పొలం కొన్నవాళ్లకు ఇది వెంటనే తెలుస్తుంది. అమ్మకం అగ్రిమెంటు వేరు, రిజిస్టరైన క్రయ దస్తావేజు వేరు. అగ్రిమెంటు చేతిలో ఉంటే అమ్ముతానన్న మాట మాత్రమే ఉన్నట్టు. రేపు అవతలివాడు అడ్డం తిరిగితే రిజిస్ట్రేషన్ కోసం కోర్టు మెట్లెక్కాలి. కోడు కూడా అంతే. “బదిలీ చేస్తాము” అంటే మాట ఇచ్చారు, ఇంకా ఇవ్వలేదు. “ఇందుమూలంగా బదిలీ చేస్తున్నాము” అంటే ఇచ్చారు. సంతకం చేసేనాటికి కోడు ఇంకా పుట్టనే లేదు కదా, పుట్టనిదాన్ని ఎలా బదిలీ చేస్తారన్న అనుమానం సహజం. కాపీరైటు చట్టం 18వ సెక్షన్ దానికి దారి చూపింది. రాబోయే రచన మీది హక్కును ఇప్పుడే బదిలీ చేయవచ్చు. రచన తయారైన క్షణాన ఆ బదిలీ అమల్లోకి వస్తుంది.

రెండో గీత, వాక్యంలో లేని మాటల కోసం. ఎంతకాలానికి బదిలీ? ఏ ప్రాంతానికి? ఈ రెండూ తొమ్మిదో క్లాజులో ఎక్కడా లేవు. “హక్కులన్నీ” అన్నాక ఇక కాలం, ప్రాంతం ఎందుకని చాలామంది అనుకుంటారు. 19వ సెక్షన్ అలా అనుకోదు. కాలవ్యవధి చెప్పకపోతే బదిలీ ఐదేళ్లకే అనుకోవాలంటుంది. ప్రాంతం చెప్పకపోతే భారతదేశం వరకే అనుకోవాలంటుంది. రాయకుండా వదిలేసిన ఖాళీలను చట్టమే నింపుతుంది, అదీ కొనుక్కున్నవారికి అనుకూలంగా కాదు.

ఇది పుస్తకంలో ఉండి ఎవరికీ పట్టని నిబంధన కాదు. ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచి 2011లో దీనిమీదే తీర్పు చెప్పింది. లారీల యజమానులు బంకుల్లో డీజిల్ కొట్టించుకోవడానికి ఇండియన్ ఆయిల్ ఒక ఫ్లీట్ కార్డు పథకం నడుపుతుంది. ఆ కార్డుల వ్యవస్థ కోసం జెమాల్టో సంస్థకు పైన్ ల్యాబ్స్ సాఫ్ట్‌వేర్ రాసి ఇచ్చింది. ఇద్దరి మధ్యా 2004లో మాస్టర్ సర్వీస్ అగ్రిమెంట్ కుదిరింది. హక్కులు ఎవరివన్న దాని మీద అందులో క్లాజులున్నాయి. ఎంతకాలానికన్నది మాత్రం లేదు. 2009లో గొడవ కోర్టుకెక్కింది. ఆ క్లాజులు హక్కుల బదిలీయేనని బెంచి ఒప్పుకుంది. ఒప్పుకుంటూనే, కాలం చెప్పలేదు కాబట్టి ఆ బదిలీకి ఐదేళ్లే ఆయువు, ప్రాంతం చెప్పలేదు కాబట్టి అది భారతదేశానికే పరిమితం అంది. ఐదేళ్లూ గడిచిపోయాయి కాబట్టి హక్కు మళ్లీ రాసినవారి చేతికే చేరినట్టు ప్రాథమికంగా తేల్చింది. మధ్యంతర దశలో వచ్చిన ఉత్తర్వే అయినా, ఆ తరవాత మన దేశంలో సాఫ్ట్‌వేర్ ఒప్పందాలు చూసే లాయర్లెవరూ ఆ రెండు మాటలు లేని క్లాజును దాటనివ్వడం లేదు.

గుంటూరు వ్యాపారికి ఇది ఎలా తగులుతుందో చూడండి. ఆరో ఏట ఆయన తన యాప్‌ను ఒంగోలులోని మరో కోల్డ్ స్టోరేజీకి అమ్మజూపారనుకుందాం. అప్పటికి హక్కు ఆయన చేతిలో లేదు. యాప్ రోజూ తన ఆఫీసులో నడుస్తూనే ఉంటుంది, ఏ తేడా కనిపించదు. తేడా కనిపించేది కొనేవాళ్ల లాయరు పాత ఒప్పందం అడిగి చూసినరోజే. అందుకని లాయరు ఆ వాక్యంలో “శాశ్వతంగా, ప్రపంచమంతటా, తిరిగి రద్దు చేయడానికి వీల్లేకుండా” అని చేర్చారు. పక్కనే ఇంకో చిన్న వాక్యం రాశారు: 19వ సెక్షన్ నాలుగో ఉపసెక్షన్ ఈ బదిలీకి వర్తించదు. ఆ ఉపసెక్షన్ ప్రకారం, బదిలీ పుచ్చుకున్నవారు ఏడాదిలోగా ఆ హక్కును వాడుకోకపోతే, ఒప్పందంలో వేరుగా చెప్పి ఉండకపోతే, బదిలీ రద్దయిపోతుంది. తాకట్టు వివరాల మాడ్యూల్ తయారైనా బ్యాంకు అనుమతి కోసం ఏడాదిన్నర పక్కన పెట్టాల్సి రావచ్చు. అలాంటి భాగాల కోసమే ఆ వాక్యం.

ఇక్కడ పక్కమాటగా ఒకటి చెప్పుకోవాలి. మన దగ్గర తిరిగే సాఫ్ట్‌వేర్ ఒప్పందాల్లో చాలావాటికి మూలం అమెరికా నమూనాలే. వాటిలో “వర్క్ మేడ్ ఫర్ హైర్” అన్న మాట తరచూ కనిపిస్తుంది. కాపీరైటు వ్యవహారంలో అది అమెరికా చట్టం మాట; మన చట్టంలో ఆ పేరుతో సూత్రం ఏదీ లేదు. అమెరికాలో కూడా బయటివారితో చేయించిన పనికి అది వర్తించాలంటే చట్టం చెప్పిన కొన్ని కోవల్లో ఆ పని ఇమడాలి. గుంటూరులో సంతకమై హైదరాబాద్‌లో తయారయ్యే యాప్ హక్కులను ఆ ఒక్క మాట మీద నిలబెట్టడం ప్రమాదం. ఆ మాట ఉంటే ఉండనివ్వవచ్చు, దాని వెనక పైన చెప్పిన బదిలీ వాక్యం తప్పనిసరిగా ఉండాలి.

మూడో గీత “డెలివరబుల్స్” కింద. ఈ పదానికి ఒప్పందంలో ఇచ్చిన నిర్వచనం “క్లయింటుకు అందజేసిన అప్లికేషన్” అని. ఫోన్‌లో దిగే యాప్ కూడా అప్లికేషనే. దాని వెనకున్న సోర్స్ కోడు, డేటాబేస్ నమూనా, డిజైన్ ఫైళ్లు, సర్వర్ మీద యాప్‌ను నిలబెట్టే స్క్రిప్టులు, టెస్టులు, ఇవన్నీ అందులోకి వస్తాయా రావా అన్నది వాదనకు వదిలేసినట్టే. దస్తావేజులో హద్దులు రాసినట్టు ఇక్కడ ఒక్కోటీ పేరుపెట్టి రాయాలి.

హద్దులంటే అవతలివారి హద్దు కూడా. ఆ హైదరాబాద్ కంపెనీ దగ్గర ఓటీపీతో లాగిన్ చేయించే కోడు, రసీదు ప్రింటు చేసే కోడు ముందే ఉన్నాయి. పది ప్రాజెక్టుల్లో వాటినే వాడుతోంది, రేపు పదకొండోదాంట్లోనూ వాడుతుంది. “హక్కులన్నీ నాకే” అని వ్యాపారి పట్టుబడితే ఆ కంపెనీ తన పనిముట్లను కూడా అమ్ముకున్నట్టవుతుంది. వారు ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడం న్యాయమే. ఒప్పుకుని సంతకం పెడితే ఇంకా ప్రమాదం, ఎందుకంటే అదే కోడును ఇదివరకే మరొకరికి బదిలీ చేసి ఉండవచ్చు. దీనికి పరిష్కారం ఒక షెడ్యూలు. ముందునుంచీ కంపెనీకి ఉన్న కోడు పేర్లు అందులో రాస్తారు. వాటి మీద హక్కు కంపెనీదే. వ్యాపారికి మాత్రం వాటిని ఈ యాప్‌లో భాగంగా శాశ్వతంగా వాడుకునే, మార్చుకునే, వ్యాపారాన్ని అమ్మితే కొన్నవారికి అప్పగించే లైసెన్సు ఉంటుంది. షెడ్యూలులో లేనిదంతా కొత్తగా రాసినదే అనుకోవాలన్న వాక్యం ఉంటే, కంపెనీ తానే శ్రద్ధగా జాబితా తయారు చేసి ఇస్తుంది. ఇంటర్నెట్‌లో దొరికే ఓపెన్ సోర్స్ కోడుకు కూడా అదే షెడ్యూలులో చోటివ్వాలి. జీపీఎల్ లైసెన్సున్న కోడును కలిపి యాప్‌ను బయటివాళ్ల ఫోన్లకు పంచితే, ఆ యాప్ సోర్స్ కోడును కూడా అదే లైసెన్సు కింద ఇవ్వాల్సిన బాధ్యత మెడకు పడవచ్చు.

హక్కు ఇచ్చేవారి దగ్గర అసలు హక్కు ఉందా అన్నది దీని తరవాతి ప్రశ్న. పన్నెండు మంది కంపెనీలో పని ఎక్కువైనప్పుడు ఇద్దరు ఫ్రీలాన్సర్లను పెట్టుకోవడం మామూలే. ఫ్రీలాన్సర్ ఉద్యోగి కాదు. అతను రాసిన కోడు అతనిదే, రాతపూర్వకంగా కంపెనీకి బదిలీ చేసేదాకా. కంపెనీ దగ్గర ఆ కాగితం లేకపోతే, లేని హక్కును అది వ్యాపారికి బదిలీ చేయలేదు. లింకు డాక్యుమెంటు లేని స్థలం అమ్మినట్టే. దీన్ని పట్టుకోవడానికి లాయరు కంటే కంప్యూటరే బాగా పనికొస్తుంది. కోడు దాచే గిట్ రిపాజిటరీలో ఏ మార్పు ఎవరు చేశారో నమోదై ఉంటుంది. వ్యాపారి తరఫున ఎవరైనా కుర్రాడు ఈ ఒక్క ఆదేశం ఇస్తే చాలు:

```
git shortlog -sne --all
```

ఎవరెవరు ఎన్ని మార్పులు చేశారో, వారి పేరు, ఈమెయిల్ వరసగా తెర మీదికి వస్తాయి. కంపెనీ ఈమెయిలు కాకుండా సొంత ఈమెయిలుతో వందల మార్పులు చేసినవారు కనిపిస్తే, ఆ మనిషి ఉద్యోగా, బయటివాడా, బయటివాడైతే బదిలీ పత్రం ఉందా అని అడగాలి. ఉద్యోగులు కూడా ఒక్కోసారి సొంత ఈమెయిలు వాడతారు కాబట్టి ఇది రుజువు కాదు, అడగవలసినవారి జాబితా. ఈ పని ప్రతి విడత డబ్బు కట్టే ముందు చేసుకోవాలి. చివర్లో చేస్తే, ఆ ఫ్రీలాన్సర్ అప్పటికి ఏ బెంగళూరులోనో వేరే పనిలో ఉంటాడు, ఫోనెత్తడు.

నాలుగో గీత “ఫీజు మొత్తం చెల్లించిన మీదట” కింద పడింది. డబ్బు రాకముందే హక్కు వదులుకోమని ఏ కంపెనీనీ అడగలేం. కానీ “మొత్తం” అన్న మాటకు ఎంత బలముందో చూడాలి. వ్యాపారి 18 లక్షలు కట్టారు. చివరి విడత దగ్గర, పని బాగాలేదని ఆయన, బాగానే ఉందని కంపెనీ వాదించుకుంటున్నారు. ఆ 6 లక్షల తగాదా తేలేవరకు, డబ్బు కట్టేసిన మొదటి మూడు విడతల కోడు కూడా కంపెనీదే. లాయరు దాన్ని ముక్కలు చేశారు: ఏ విడత డబ్బు చేరితే ఆ విడతలో అప్పజెప్పిన పని మీది హక్కు అప్పుడే బదిలీ. దాంతోపాటు, రిపాజిటరీ మొదటిరోజు నుంచే వ్యాపారి పేరిట తెరిచిన ఖాతాలో ఉండాలని రాశారు. ఖాతా ఎవరిపేరున ఉందన్నది హక్కును మార్చదు, కానీ తగాదా వచ్చినరోజున కోడు కళ్లెదుట ఉండడం చిన్న విషయం కాదు.

తొమ్మిదో క్లాజు పని అక్కడికి పూర్తయింది. ఆ తరవాత లాయరు పద్నాలుగో క్లాజుకు వచ్చారు, బాధ్యతా పరిమితి. ఇక్కడ చదివే తీరే మారాలి. హక్కుల క్లాజులో ముంచేది రాయకుండా వదిలేసింది. బాధ్యత క్లాజులో ముంచేది రాసి ఉన్నదే. అసలు ఆ క్లాజు లేకపోతే 1872 నాటి కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ ఉంది. ఒప్పందం తప్పినవారు, ఆ తప్పు వల్ల సహజంగా కలిగిన నష్టాన్నీ, సంతకం చేసేనాటికి ఇద్దరికీ తెలిసిన నష్టాన్నీ కట్టాలి. దూరపు, పరోక్ష నష్టాలు కట్టనక్కర్లేదు. పరిమితి క్లాజు ఈ రక్షణను కత్తిరిస్తుంది.

సంతకం చేసిన పరిమితిని మన కోర్టులు గౌరవిస్తాయి. సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన భారతి నిట్టింగ్ కంపెనీ తీర్పు దీనికి మూలస్తంభం. ఆ కంపెనీ జర్మనీకి పంపిన సరుకు తాలూకు పత్రాలు కొరియర్‌లో చేరలేదు. రాష్ట్ర వినియోగదారుల కమిషన్ నాలుగు లక్షలకు పైగా పరిహారం ఇమ్మంది. జాతీయ కమిషన్ దాన్ని 100 డాలర్లకు తగ్గించింది, ఎందుకంటే పంపినవారు సంతకం చేసిన కన్‌సైన్‌మెంట్ నోటులో బాధ్యత 100 డాలర్లకు మించదని అచ్చువేసి ఉంది. సుప్రీంకోర్టు ఆ 100 డాలర్లనే నిలబెట్టింది. బలహీనుల నెత్తిన బలవంతులు రుద్దిన అన్యాయపు షరతులు చెల్లవని 1986లో బ్రోజోనాథ్ గంగూలీ కేసులో సుప్రీంకోర్టే చెప్పిన మాట నిజమే. ఇద్దరూ వ్యాపారులై, లావాదేవీ వ్యాపారపుదైతే ఆ సూత్రం వర్తించకపోవచ్చని కూడా ఆ తీర్పులోనే ఉంది. కోల్డ్ స్టోరేజీ యజమాని దాని నీడకు వెళ్లడం కష్టం.

గుంటూరు ఒప్పందంలో పద్నాలుగో క్లాజు ఇలా ఉంది: డెవలపర్ బాధ్యత, క్లెయిముకు ముందు 12 నెలల్లో చెల్లించిన ఫీజుకు మించదు. సాఫ్ట్‌వేర్ ఒప్పందాల్లో అతి మామూలుగా కనిపించే వాక్యం ఇది. దీన్ని ఒక్కసారి చదివి వదిలేయకూడదు, క్యాలెండరు ముందు పెట్టుకుని అంకెలు వేసి చూడాలి. పని మొదలైన మూడో నెలలో ఒక్క విడతే కట్టారు కాబట్టి పరిమితి 6 లక్షలు. ఎనిమిదో నెలలో యాప్ చేతికొచ్చి, నాలుగు విడతలూ కట్టేసినప్పుడు 24 లక్షలు. ఇక అక్కడినుంచి ఏడాది దాటితే? గడిచిన 12 నెలల్లో కట్టింది నెలకు 30 వేల మెయింటెనెన్సే. అంటే 3 లక్షల 60 వేలు. యాప్ ఇంకా రాస్తున్నప్పుడు, దానిమీద ఒక్క టిక్కీ లెక్క కూడా నడవనప్పుడు పరిమితి ఎక్కువ. మూడు స్టోరేజీల డబ్బంతా దానిమీదే నడుస్తున్నప్పుడు పరిమితి అన్నిటికంటే తక్కువ.

పధ్నాలుగో నెల మెయింటెనెన్సులో, సీజను నడిమధ్య, కంపెనీ చేసిన ఒక అప్‌డేట్‌లో అద్దె లెక్క తప్పిందనుకుందాం. టిక్కీకి 15 రూపాయలు తక్కువ పడింది. సరుకు తీసుకుని రైతులు, వ్యాపారులు వెళ్లిపోయాక అకౌంటెంటు పట్టుకున్నాడు. అప్పటికి 80 వేల టిక్కీలు బయటికి పోయాయి. నష్టం 12 లక్షలు. పరిమితి ప్రకారం ఎక్కువలో ఎక్కువ 3 లక్షల 60 వేలు రావాలి.

అదైనా వస్తుందా అంటే, పద్నాలుగో క్లాజులోనే మూడు వాక్యాల కింద ఇంకొకటుంది: “పరోక్ష, పర్యవసాన నష్టాలకు, అలాగే లాభనష్టం, ఆదాయ నష్టం, డేటా నష్టం ప్రత్యక్షమైనా పరోక్షమైనా వాటికి, డెవలపర్ బాధ్యులు కారు.” పరోక్ష నష్టాలను పక్కన పెట్టడంలో పెద్ద ఇబ్బంది లేదు, 73వ సెక్షనూ అదే అంటుంది. ఇబ్బంది “ప్రత్యక్షమైనా” అన్న చోట. అద్దె తక్కువ పడడం ఆదాయ నష్టమే. కంపెనీ లాయరు ఆ మాట చూపించి, అసలు పరిమితి దాకా వెళ్లనక్కర్లేదు, మేం కట్టవలసింది సున్నా అనవచ్చు. పరిమితి అంకె మీద నెలరోజులు బేరమాడి, ఈ వాక్యాన్ని వదిలేసేవాళ్లు చాలామందే. గుంటూరు లాయరు “ప్రత్యక్షమైనా” అన్నదాన్ని కొట్టేసి, ఏవి ప్రత్యక్ష నష్టాలో పేర్లతో రాశారు: తప్పు లెక్క వల్ల వసూలు కాకుండా పోయిన అద్దె, పోయిన డేటాను తిరిగి ఎక్కించడానికయ్యే ఖర్చు, మిగిలిపోయిన పనిని మరొకరితో చేయించడానికి అదనంగా అయ్యే ఖర్చు.

అంకె ఎలా రాయాలన్నదానికి బ్రిటన్‌లో నడిచిన ఒక కేసు పాఠంలాంటిది. విద్యుత్తు సరఫరా వ్యాపారంలో ఉన్న డ్రాక్స్ సంస్థ, కస్టమర్ల బిల్లింగ్, స్మార్ట్ మీటర్ల సాఫ్ట్‌వేర్ పని మన విప్రోకు 2017లో అప్పజెప్పింది. పని మధ్యలో తెగిపోయి, డ్రాక్స్ 3 కోట్ల 10 లక్షల పౌండ్లకు దావా వేసింది. ఒప్పందంలో పరిమితి, గత 12 నెలల ఛార్జీలకు ఒకటిన్నర రెట్లు. అది మొత్తం తగాదాలన్నిటికీ కలిపి ఒక్కటేనా, ఒక్కో క్లెయిముకు విడివిడిగానా? క్లాజు భాష రెండువైపులా లాగడానికి వీలుగా ఉంది. లండన్ హైకోర్టు 2023 జూన్‌లో, అది అన్నిటికీ కలిపి ఒకే పరిమితి అని తేల్చింది. డ్రాక్స్ నష్టం ఎంతని రుజువైనా, ఆ క్లాజు కింద రాగలిగింది కోటీ 15 లక్షల పౌండ్లే. “అన్ని క్లెయిములకూ కలిపి” అనో, “ఒక్కో క్లెయిముకు విడిగా” అనో ఒక్క ముక్క స్పష్టంగా ఉండి ఉంటే ఆ విచారణే అక్కర్లేదు.

పరిమితి బయట ఉంచవలసినవి కొన్నుంటాయి. మోసం, కావాలని చేసిన తప్పు వీటికి పరిమితి ఉండకూడదని సాధారణంగా ఇద్దరూ ఒప్పుకుంటారు. తగాదా వచ్చేది డేటా దగ్గర, ఇతరుల కోడు కాపీ దగ్గర. యాప్‌లో వేలమంది రైతుల ఫోన్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు ఉన్నాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కింద, డేటాకు తగిన భద్రత కల్పించకపోతే జరిమానా 250 కోట్ల దాకా వెళ్లవచ్చు. ఆ జరిమానా పడేది డేటా ఎందుకు, ఎలా వాడాలో నిర్ణయించే కోల్డ్ స్టోరేజీ యజమాని మీద. కోడులో తలుపు తీసి పెట్టిన కంపెనీ మీద నేరుగా కాదు. అందుకే ఆ నష్టాన్ని కంపెనీ నుంచి రాబట్టుకోవడానికి ఒప్పందమే ఆధారం. అలాగే, యాప్‌లోని కోడు తమదంటూ మూడోమనిషి వ్యాపారి మీద దావా వేస్తే, ఆ ఖర్చు కంపెనీ భరిస్తుందన్న హామీ పదకొండో క్లాజులో ఉంది. కానీ పద్నాలుగో క్లాజు “ఈ ఒప్పందంలో ఇంకెక్కడ ఏమున్నప్పటికీ” అని మొదలవుతోంది. అంటే పదకొండులో ఇచ్చిన హామీని పద్నాలుగు 3 లక్షల 60 వేలకు కోసేస్తోంది. రెండు క్లాజులనూ పక్కపక్కన పెట్టి చదివితే తప్ప ఇది కంటికి ఆనదు.

వ్యాపారి మొదట ఈ రెండిటికీ పరిమితే వద్దన్నారు. కంపెనీ యజమాని ఫోన్ చేసి తన లెక్క చెప్పారు. ఈ ప్రాజెక్టులో జీతాలు, సర్వర్లు పోను మిగిలేది నాలుగైదు లక్షలు. పరిమితి లేని బాధ్యత మీద సంతకం పెడితే ఒక్క దావాతో పన్నెండు మంది ఉద్యోగాలు పోతాయి. పైగా, పరిమితి లేదని రాయించుకున్నా, లేని కంపెనీ నుంచి రాబట్టేదేముంది? ఆ వాదనలో నిజం ఉంది. పెద్ద అంకె కాగితం మీద ఉండి, కట్టే స్తోమతు అవతల లేకపోతే ఆ అంకెకు విలువ లేదు. మాట్లాడుకోగా తేలింది ఏమిటంటే, కంపెనీ ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ బీమా తీసుకుంటుంది, పాలసీ కాపీ మొదటి విడతకు ముందే పంపుతుంది, మెయింటెనెన్సు ఉన్నన్నాళ్లూ దాన్ని రెన్యూ చేయిస్తుంది. డేటా లీకు, ఇతరుల కోడు కాపీ ఈ రెండిటికీ వేరే పరిమితి, 72 లక్షలు. అది ఆ పాలసీ మొత్తం లోపలే ఉంటుంది, ఆ రెండు రకాల నష్టాలూ పాలసీలో కవర్ అవుతున్నాయని బీమా కంపెనీ రాసి ఇచ్చింది. మిగిలినవాటికి, అన్ని క్లెయిములూ కలిపి, ఒప్పందం మొత్తం మీద చెల్లించిన, చెల్లించవలసిన ఫీజు లేదా 24 లక్షలు, ఏది ఎక్కువైతే అది. 12 నెలల మాట తీసేశారు.

కంపెనీ కూడా ఒకటి అడిగి సాధించుకుంది. వ్యాపారి బాధ్యతకూ అదే పరిమితి ఉంటుంది, కానీ కట్టవలసిన విడతలు ఆ పరిమితిలోకి రావు. చివరికి 26 పేజీలు 28 అయ్యాయి. షెడ్యూలులో ఓటీపీ కోడు, రసీదు ప్రింటు కోడు, పద్నాలుగు ఓపెన్ సోర్స్ లైబ్రరీల పేర్లు వాటి లైసెన్సులతో సహా చేరాయి. వ్యాపారి తన పేరిట తెరిచిన గిట్ ఖాతాకు కంపెనీ ఇంజినీర్లను ఆహ్వానించి, ఆ తరవాత మొదటి 6 లక్షలు బదిలీ చేశారు.